బ్రాకెట్టులోని మాట, వాక్యంలోని చోటు

ఇంగ్లీషు ప్రశ్నాపత్రంలో ఒక ప్రశ్న ఉంటుంది. చిన్న పేరా ఇస్తారు. అందులో నాలుగైదు చోట్ల గీతలు గీసి, ఒక్కొక్క గీత పక్కన బ్రాకెట్టులో ఒక మాట ఉంచుతారు. ఆ మాటను ఉన్నదున్నట్టుగా దింపితే మార్కు రాదు. దాని రూపం మార్చి, వాక్యంలో అతికేటట్టు చేసి వ్రాయాలి. మన పదవ తరగతి వ్రాసినవారిలో చాలామందికి ఇది పరిచయమైన ప్రశ్నే. కేంబ్రిడ్జి వారు నిర్వహించే బీ2 ఫస్ట్ అనే పరీక్షలోనూ ఇదే ఉంటుంది. అక్కడ ఖాళీలు ఎనిమిది. మాట సరైనదే అయినా వర్ణక్రమం తప్పితే మార్కు ఇవ్వరు.

పైకి చూస్తే ఇంతకంటే సులువైన ప్రశ్న మరొకటి ఉండదు. జవాబులో ముప్పాతిక వంతు ప్రశ్నలోనే అచ్చయి ఉంటుంది కదా! అయినా వ్యాసాలు కంఠతా పట్టి పేజీలు నింపే పిల్లలు సైతం ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోతారు. అందుకు కారణం వారికి ఇంగ్లీషు మాటలు తెలియకపోవడమని నేనూ చాలాకాలం వినీ చదివీ ఉన్నాను. అసలు కారణం మన తెలుగులోనే ఉన్నదని ఇప్పుడు నా అభిప్రాయం. అది ఎలా ఏర్పడిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

2019 జనవరిలో పని మీద అచ్చంపేట వెళ్ళి రెండు నెలలు మా అక్క ఇంట్లో ఉండవలసి వచ్చింది. అక్క కూతురు అప్పుడు పదవ తరగతి, తెలుగు మాధ్యమం. బాసర ట్రిపుల్ ఐటీలో చేరాలని దాని కోరిక. ఆ సీట్లు పదవ తరగతి గ్రేడులను బట్టే ఇచ్చేవారు. లెక్కలూ సైన్సూ దానికి కొట్టినపిండి. భయమంతా ఇంగ్లీషుతోనే. ఒక్క సబ్జెక్టులో ఒక్క మెట్టు దిగినా మొత్తం సరాసరి దిగిపోతుంది. అందుచేత సాయంత్రాలు నేను దాని ఇంగ్లీషు చూసే ఏర్పాటు జరిగింది.

నేను సొంతంగా అల్లిన ఒక పేరా ఇచ్చి ఖాళీలు పూరించమన్నాను. ఆ ప్రాంతపు పిల్ల కాబట్టి విషయం కూడా ఆ ప్రాంతానిదే తీసుకున్నాను: పత్తి, వాన, పాలమూరు వలస. మీరూ చూడండి. ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాను.

ఒకటి: ది ఫార్మర్స్ వెయిటెడ్ ______ ఫర్ ది రెయిన్. ఇచ్చిన మాట: యాంక్షస్.

రెండు: దెయిర్ ______ టు సో కాటన్ వాజ్ ఎ బోల్డ్ వన్. ఇచ్చిన మాట: డిసైడ్.

మూడు: బట్ ది మాన్సూన్ వాజ్ ______ అండ్ ది సీడ్స్ డ్రైడ్ అప్. ఇచ్చిన మాట: రిలై.

నాలుగు: ది ______ ఆఫ్ ది వెల్ వాజ్ నాట్ ఇనఫ్. ఇచ్చిన మాట: డీప్.

అయిదు: మెనీ ______ లెఫ్ట్ ఫర్ ముంబై. ఇచ్చిన మాట: విలేజ్.

అది వ్రాసిన జవాబులు వరుసగా ఇవి: యాంక్షస్, డిసైడెడ్, రిలైడ్, డీపర్, విలేజెస్. అయిదూ తప్పే. కానీ ఊరికే తోచినట్టు వ్రాసినవి కావు. మొదటిది ఎలా మార్చాలో తెలియక వదిలేసింది. మిగిలిన నాలుగింటినీ తనకు తెలిసిన సూత్రం ప్రకారం మార్చింది: క్రియ అయితే భూతకాలంలోకి, విశేషణం అయితే ‘ఇంకా లోతు’ అనే తరతమ రూపంలోకి, నామవాచకం అయితే బహువచనంలోకి.

"రూపం మార్చుమన్నరు గద మామా, మార్చిన. మళ్ళ తప్పెట్లైతది?" అని అడిగింది.

ఆ ప్రశ్న న్యాయమైనది. ‘రూపం మార్చు’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. డిసైడ్ అనే మాటను డిసైడెడ్ చేస్తే అది క్రియగానే ఉండి కాలం మాత్రం మారుతుంది. డెసిషన్ చేస్తే క్రియ నామవాచకం అవుతుంది, అంటే వాక్యంలో దాని ఉద్యోగమే మారుతుంది. ఈ ప్రశ్న అడిగేది రెండవ రకపు మార్పును. పిల్లలు చేసేది మొదటి రకపు మార్పు. క్రియకు తగిన కాలరూపం వ్రాయమనే ప్రశ్నలు కూడా వారు విస్తారంగా చేసి ఉంటారు కాబట్టి చెయ్యి అటే పోతుంది.

రెండింటికీ ఉన్న తేడాను మన వ్యాకరణం బాగానే గుర్తించింది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) క్రియకు కాలాన్నీ పురుషనూ తెలిపే ప్రత్యయాల సంగతి క్రియా పరిచ్ఛేదంలో ఉంటుంది. క్రియ నుంచి నామవాచకాలు పుట్టే సంగతి కృదంత పరిచ్ఛేదంలోనూ, నామం నుంచి మరో నామం పుట్టే సంగతి తద్ధిత పరిచ్ఛేదంలోనూ వేరువేరుగా ఉంటాయి. ‘ఆడు’ నుంచి ‘ఆడెను’ రావడం ఒకటి, ‘ఆట’ రావడం మరొకటి. ‘నేర్పు’ నుంచి ‘నేర్పరి’ రావడం ఇంకొకటి. అయితే బడిలో తెలుగు పరీక్షకు సంధులు, సమాసాలు, నానార్థాలు, పర్యాయపదాలు, ప్రకృతి వికృతులు చదువుతారు. మాట ఉద్యోగం మారడాన్ని విడిగా అడిగేది అరుదు.

ఆ ప్రకృతి వికృతుల అలవాటు ఇక్కడ మరొక చిక్కు తెచ్చింది. పిల్ల నోట్సు తిరగేస్తే ఇంగ్లీషు మాటల జంటలు కనిపించాయి: డిసైడ్ – డెసిషన్, డీప్ – డీప్లీ, ఇలా మూడు పేజీలు. ఆశ్చర్యం – అచ్చెరువు, రాత్రి – రాతిరి అని బట్టీ పట్టినట్టే ఇవీ పట్టింది. కానీ ప్రకృతి వికృతి అయినప్పుడు రూపమే మారుతుంది, ఉద్యోగం మారదు. ఆశ్చర్యం ఉన్నచోట అచ్చెరువును కూర్చోబెట్టవచ్చు. డిసైడ్ ఉన్నచోట డెసిషన్‌ను కూర్చోబెట్టలేము. పైగా ఒక ప్రకృతికి ఒక వికృతి చాలు. ఇంగ్లీషు మాటకు మూడో నాలుగో రూపాలుంటాయి. డీప్ – డీప్లీ అని జంటగా నేర్చినవారు బావి లోతు దగ్గర డెప్త్ వ్రాయలేరు. డెప్త్ అనే మాట వారికి విడిగా తెలిసి ఉన్నా సరే, అది డీప్ బంధువని తోచదు.

ఇక అసలు కారణానికి వస్తాను. తెలుగులో మాట తన ఉద్యోగాన్ని తన తోకలోనే మోసుకు తిరుగుతుంది. "రైతులు వాన కోసం ఆత్రంగా ఎదురుచూశారు" అనే వాక్యంలో ‘ఆత్రంగా’ అనే మాటను మొదటికి తెచ్చినా, రైతుల పక్కన పెట్టినా అర్థం చెడదు. ‘గా’ అనే తోక దాని పనిని చెబుతుంది. కనుక తెలుగు చెవి ఎప్పుడూ మాట చివరను వింటుంది, చోటును పట్టించుకోదు. ఇంగ్లీషులో చాలా సందర్భాలలో పనిని నిర్ణయించేది చోటు. ‘ది’ తరువాత, ‘ఆఫ్’ కు ముందు ఒకే ఒక్క ఖాళీ ఉన్నదంటే అక్కడ నామవాచకమే రావాలి. బ్రాకెట్టులో ఏమున్నదో చూడకుండానే ఆ సంగతి చెప్పవచ్చు. మన పిల్లలు మొదట బ్రాకెట్టును చూస్తారు, ఆ మాటకు ఏ తోక తగిలించాలా అని ఆలోచిస్తారు. ఖాళీకి ఇటూ అటూ ఉన్న మాటలను చూడరు. తెలుగువారిగా అది సహజమే.

అందుకని ఒక పద్ధతి పెట్టాను. బ్రాకెట్టును బొటనవేలితో మూసి వాక్యం చదవాలి. ఆ చోట ఏ జాతి మాట రావాలో తెలుగులో చెప్పాలి. అది చెప్పిన తరువాతనే వేలు తీయాలి.

మొదటి వాక్యం మూసి చదివింది. రైతులు ఎదురుచూశారు, వాన కోసం. కర్త ఉంది, క్రియ ఉంది, వాక్యం ఖాళీ లేకుండానే నిలుస్తుంది. అంటే ఆ ఖాళీ ‘ఎట్లా ఎదురుచూశారు’ అనేదానికి జవాబు. "ఎట్ల అంటే గా వస్తది" అన్నది. సరిగ్గా అదే. మన ‘గా’ కు ఇంగ్లీషులో ఎక్కువసార్లు దొరికే జోడీ ‘లీ’. వేలు తీస్తే యాంక్షస్. జవాబు యాంక్షస్లీ.

రెండవది. ‘దెయిర్’ అంటే వారి. వారి తరువాత వారిదైనదేదో ఉండాలి. ఖాళీ దాటి ముందుకు పోతే ‘వాజ్’ కనిపిస్తుంది, అంటే వాక్యానికి క్రియ అప్పటికే ఉంది. ఈ ‘వాజ్’ ను చూడడం చాలా ముఖ్యం. ఇంగ్లీషు ఉపవాక్యంలో ప్రధానక్రియ అప్పటికే ఉంటే ఖాళీలో మరొక భూతకాల క్రియకు తావుండదు. డిసైడెడ్ అక్కడ ఎందుకు నిలవదో అది తనంత తానే పట్టుకుంది. వారి నిర్ణయం, డెసిషన్.

నాలుగవది చెప్పనే చెప్పాను. ‘ది’ కీ ‘ఆఫ్’ కీ నడుమ నామవాచకం. బావి యొక్క లోతు, డెప్త్.

మూడవదానిలో మరొక మెట్టు ఉంది. ‘వాజ్’ తరువాత ఖాళీ, ఆ వాక్యం వానాకాలం ఎలాంటిదో చెబుతున్నది. కనుక విశేషణం. రిలై అంటే నమ్ముకోవడం కాబట్టి రిలయబుల్, నమ్ముకోదగినది. ఇంతవరకు చోటు చెప్పింది. ఆ మాటను వ్రాసి ఆపేస్తే వ్యాకరణం ఒప్పుకుంటుంది. కానీ తరువాతి మాటలు చూడండి: విత్తనాలు ఎండిపోయాయి. ముందు ‘బట్’ కూడా ఉంది. నమ్మదగిన వానాకాలంలో విత్తులు ఎండుతాయా? కనుక ముందు ‘అన్’ చేరాలి, అన్‌రిలయబుల్. పైగా రిలై చివరి ‘వై’ అనే అక్షరం ఇక్కడ ‘ఐ’ గా మారుతుంది. ఒక్క ఖాళీలో మూడు మార్పులు. ప్రశ్న కూర్చేవారికి ఇష్టమైన వల ఇదే. తోక సరిగా పెట్టినవారు కూడా తల సంగతి మరచిపోతారు.

అయిదవది నేను కావాలని పెట్టినది. ‘మెనీ’ తరువాత బహువచన నామవాచకం రావాలి. విలేజెస్ బహువచనమే, నామవాచకమే. చోటు పరీక్షలో నెగ్గింది. అయినా తప్పు.

"ఎందుకు తప్పు?" అని నేనే అడిగాను.

కొంచెంసేపు చూసి, "ఊర్లు ముంబైకి పోవు మామా, ఊరోల్లు పోతరు" అన్నది.

ఆ మాట విని నేను కాసేపు ఊరుకున్నాను. పాలమూరు కూలీ పేరు తెలియనివారు ఈ దేశంలో తక్కువ. ఊళ్ళకు ఊళ్ళు తరలిపోయాయని మనం తెలుగులో అంటూనే ఉంటాము. అది అలంకారం. ఆ పిల్లకు మాత్రం అది తెలిసిన మనుషుల సంగతి. విలేజర్స్ అని కొట్టివేసి వ్రాసింది. మూడు మెట్లూ దానికి అక్కడితో స్థిరపడ్డాయి: ముందు చోటు, తరువాత మాట, చివరకు మొత్తం వాక్యం మళ్ళీ చదివి అర్థం.

ఇంతవరకు సూత్రం పనిచేస్తుంది. కానీ నామవాచకం కావాలని తెలిసినంత మాత్రాన ఏ తోక తగిలించాలో తెలియదు. డిసైడ్ నుంచి డెసిషన్, అరైవ్ నుంచి అరైవల్, డెవలప్ నుంచి డెవలప్‌మెంట్. ఇక్కడ దానికి కోపం వచ్చింది. "గిదేం న్యాయం? ఒక్కో దానికి ఒక్కోటా?"

తెలుగులో ఏమి న్యాయం ఉన్నదో చూడమన్నాను. ఆడు – ఆట, పాడు – పాట, ఓడు – ఓటమి. నడుచు – నడక. గెలుచు – గెలుపు. వ్రాయు – వ్రాత. ఒక పరదేశి ‘ఆట’ ను చూసి సూత్రం కట్టుకుని, ‘కూడు’ నుంచి లెక్కల్లో ‘కూట’ వస్తుందంటే మనం నవ్వుతాము, ‘కూడిక’ అని దిద్దుతాము. ఎందుకు అని అడిగితే మన దగ్గర జవాబు ఉండదు. ఆ జాబితాను మనం ఎన్నడూ బట్టీ పట్టలేదు. వాక్యాలలో విని విని చెవికి పట్టింది, అంతే.

అయితే ఆ జాబితాలలో కొన్ని గుంపులు లేకపోలేదు. ఆట, పాట, ఓటమి అనే మూడింటిలోనూ ‘డ’ పోయి ‘ట’ వచ్చింది. ఇంగ్లీషులోనూ అటువంటి గుంపు ఉంది. డిసైడ్, డివైడ్, కంక్లూడ్, ఎక్స్‌ప్లోడ్ అనేవి డెసిషన్, డివిజన్, కంక్లూజన్, ఎక్స్‌ప్లోజన్ అవుతాయి. చివరి ‘డ’ ధ్వని కరిగిపోతుంది. ఇవి లాటిన్ మూలం నుంచి ఇంగ్లీషుకు వచ్చిన మాటలు. ఈ మార్పు ఆ భాషలో జరిగినదే. డీప్ – డెప్త్, వైడ్ – విడ్త్, లాంగ్ – లెంగ్త్, స్ట్రాంగ్ – స్ట్రెంగ్త్ మరొక గుంపు. ఇవి ఇంగ్లీషుకు సొంతమైన పాత మాటలు. వీటిలో తోక చేరడంతోపాటు కడుపులోని అచ్చు కూడా మారుతుంది. మనకు ఇది కొత్త కాదు. ధీరుని గుణం ధైర్యం, సుందరమైనదాని గుణం సౌందర్యం, మధురమైనదాని గుణం మాధుర్యం. సంస్కృతం నుంచి వచ్చిన ఈ మాటలను తెలుగు పిల్లలు తడబడకుండా వాడతారు. ‘ధీరం’ అని వ్రాసి ధైర్యం అనుకోమనరు. డీప్ నుంచి డెప్త్ రావడం ధీర నుంచి ధైర్యం రావడం వంటిదేనని చెప్పిన తరువాత ఆ గుంపు దానికి మళ్ళీ తప్పలేదు.

జంటల నోట్సు పక్కన పెట్టించి, అడ్డంగా నాలుగు గడులు గీయించాను: క్రియ, నామం, విశేషణం, క్రియావిశేషణం. డీప్ కుటుంబం నాలుగు గడులూ నింపుతుంది: డీపెన్, డెప్త్, డీప్, డీప్లీ. డిసైడ్ కుటుంబం కూడా నింపుతుంది: డిసైడ్, డెసిషన్, డెసిసివ్, డెసిసివ్లీ. అన్ని కుటుంబాలూ అలా నిండవు. అరైవ్ దగ్గర అరైవల్ తరువాత గడులు ఖాళీగా ఉంటాయి, వాటిని బలవంతాన నింపకూడదు. ప్రతి గడిలో మాట ఒక్కటే కాక, దానికి ముందూ వెనకా వచ్చే ఒకటి రెండు మాటలు కూడా వ్రాయాలని నియమం పెట్టాను. డెప్త్ అని కాదు, ‘ది డెప్త్ ఆఫ్’ అని. మాటతోపాటు చోటు కూడా జ్ఞాపకంలో ఉండిపోవాలని. రోజుకు రెండు కుటుంబాల చొప్పున వ్రాస్తే నేను తిరిగి వచ్చే నాటికి వంద దాకా అయ్యాయి.

ఒక్కచోట మాత్రం గడులు కూడా చాలలేదు. ఇంటరెస్టెడ్, ఇంటరెస్టింగ్ రెండూ విశేషణాలే, ఒకే గడిలో కూర్చుంటాయి. చోటు రెండింటినీ ఒప్పుకుంటుంది. తెలుగులో అయితే ‘ఆసక్తి గల’ పిల్ల వేరు, ‘ఆసక్తి కలిగించే’ పాఠం వేరు అని రెండు మాటలతో విడదీస్తాము. ఇంగ్లీషు ఆ పనిని తోకకు అప్పగించింది. అనుభవించేవారికి ‘ఎడ్’, అనుభవం కలిగించేదానికి ‘ఇంగ్’. తెలుగులోకి మార్చుకుని ‘గల’ వస్తుందా ‘కలిగించే’ వస్తుందా అని అడుగుకోవడం తప్ప దీనికి దగ్గరి దారి నాకు కనిపించలేదు.

మార్చిలో పరీక్ష అయినాక ఫోను చేసి, "బ్రాకెట్లు అన్నిటికన్న వెనుక చూసిన మామా" అని చెప్పింది. ఇంగ్లీషులో అది అనుకున్న గ్రేడే వచ్చింది. బాసర సీటు మాత్రం రాలేదు. ఇంటికి దగ్గరలోనే ఇంటరులో చేరింది. గడుల నోట్సును తన తరువాతివాడికి ఇచ్చిందట. వాడు దాన్ని సగం నుంచి కొనసాగిస్తున్నాడని అక్క చెప్పింది.

ఈ సంగతులన్నీ తలచుకుంటూ, తెలుగులో ఇటువంటి ప్రశ్న కూర్చితే ఎలా ఉంటుందో అని మొన్న ఒకటి ప్రయత్నించాను. ఇచ్చిన మాట ‘కూడు’. నాలుగు దారులు కలిసే ______ దగ్గర బస్సు ఆగింది. నాలుగు పార్టీలు కలిసి ______ కట్టాయి. నాలుగు అంకెల ______ తప్పింది. మూడు ఖాళీలలోనూ నామవాచకమే కావాలి. చోటు మూడింటిలోనూ ఒకటే. జవాబులు మాత్రం కూడలి, కూటమి, కూడిక. బొటనవేలితో బ్రాకెట్టును ఎంతసేపు మూసినా ఇవి తేలవు. పక్కన ఉన్న దారులూ పార్టీలూ అంకెలే తేల్చాలి. ఇక ఇచ్చిన మాట ‘ఓర్చు’ అయితే ఓర్పు, ఓర్మి, ఓరిమి మూడూ ఒకే ఖాళీలో సరిపోతాయి. మార్కులు వేసేవారి ఓర్పుకే అది పరీక్ష. ఒక్క జవాబు తప్ప మరొకటి అతకని తెలుగు ఖాళీలు మీ ఎరుకలో ఉంటే చెప్పండి. తరువాతివాడి నోట్సులో వాటికీ నాలుగు గడులు గీయించాలని ఉంది.